ఇరవై శాతం దగ్గరే ఆరిపోయే ఫోను

బ్యాటరీ అయిపోవడం వేరు, బ్యాటరీ పాడవడం వేరు. రాత్రి పడుకునేటప్పుడు 70 శాతం ఉన్న ఫోను తెల్లారేసరికి 30కి దిగిందంటే తప్పు బ్యాటరీదేనని చెప్పలేం. ఏదో యాప్ లోపల్లోపల రాత్రంతా పనిచేస్తూ ఉండొచ్చు. సిగ్నల్ సరిగా అందని గదిలో ఫోను టవర్ కోసం వెతుక్కుంటూ ఉండొచ్చు. అలాంటి ఫోనుకి కొత్త బ్యాటరీ వేయించినా మర్నాడు అదే వరస. కానీ 20 శాతం చూపిస్తూనే, కెమెరా తెరవగానో వీడియో కాల్ ఎత్తగానో ఠక్కున ఆరిపోయి, ఛార్జర్ పెట్టిన వెంటనే మళ్లీ 17 శాతం చూపించే ఫోను సంగతి వేరు. అక్కడ లోపం దాదాపుగా బ్యాటరీదే.

ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీకి వయసు రెండు రకాలుగా మీద పడుతుంది. ఒకటి అందరికీ తెలిసిందే: పట్టే ఛార్జి తగ్గుతుంది. రెండోది బ్యాటరీ లోపలి నిరోధకత పెరగడం. దీన్ని గురించి దుకాణాల్లో ఎవరూ చెప్పరు గానీ మనల్ని నడిరోడ్డు మీద నిలబెట్టేది ఇదే. పాచి పట్టి పూడుకుపోయిన కుళాయి గొట్టం ఉంటుంది చూడండి, ట్యాంకులో నీళ్లున్నా ధార సన్నగానే వస్తుంది. ముసలి బ్యాటరీ పరిస్థితి అదే. ఛార్జి మిగిలే ఉంటుంది, ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగితే ఇవ్వలేదు.

చిన్న లెక్క వేసి చూద్దాం. 20 శాతం ఛార్జి ఉన్నప్పుడు బ్యాటరీ వోల్టేజ్ సుమారు 3.7 ఉంటుంది. కెమెరా, ఫ్లాష్, నెట్ కలిసి రెండు ఆంపియర్లు లాగాయనుకుందాం. కొత్త బ్యాటరీలో లోపలి నిరోధకత 0.08 ఓమ్ ఉంటే వోల్టేజ్ 0.16 మాత్రమే పడుతుంది, 3.54 మిగులుతుంది, ఫోను హాయిగా నడుస్తుంది. మూడేళ్లు వాడిన బ్యాటరీలో అదే నిరోధకత 0.2 ఓమ్‌కి పెరిగితే వోల్టేజ్ 0.4 పడి 3.3కి దిగుతుంది. చాలా ఫోన్లు 3.4 దరిదాపుల్లో ఇక చాలనుకుని ఆరిపోతాయి. లోడ్ తీసేయగానే వోల్టేజ్ మళ్లీ పైకి లేస్తుంది కాబట్టి ఛార్జర్ పెడితే 17 శాతం కనిపిస్తుంది. ఫోను అబద్ధం చెప్పినట్టు అనిపిస్తుంది గానీ అది చెప్పింది నిజమే.

ఈ తంటా తప్పించడానికే యాపిల్ సంస్థ పాత ఐఫోన్ల వేగాన్ని తగ్గించిందని 2017 డిసెంబరులో ఒప్పుకుంది. దానిమీద పెద్ద గొడవే జరిగి, మరుసటి ఏడాది అమెరికాలో 79 డాలర్ల బ్యాటరీ మార్పిడిని 29 డాలర్లకే చేసింది. బ్యాటరీ మార్పించుకున్నాక ఫోను మళ్లీ చురుగ్గా నడుస్తోందని అప్పట్లో చాలామంది గమనించారు. కాబట్టి ఫోను మెల్లగా నడుస్తోందని కొత్తది కొనబోయేముందు బ్యాటరీని ఒకసారి అనుమానించడం మంచిదే.

మా పిన్ని కొడుకు విజయవాడలో ఆటో నడుపుతాడు. ఫోను రోజంతా హ్యాండిల్ దగ్గరి స్టాండులో, ఎండకి ఎదురుగా, ఛార్జర్ వైరు తగిలించుకునే ఉంటుంది. తెర పగలంతా వెలుగుతూనే ఉండాలి, మ్యాప్ నడుస్తూనే ఉండాలి. రెండున్నరేళ్లకే ఆ 5000 ఎంఏహెచ్ ఫోను 25 శాతం దగ్గర ఆరిపోవడం మొదలుపెట్టింది. “అన్నయ్యా, కస్టమర్ ఆటో ఎక్కి ఓటీపీ చెప్పబోతుంటే ఫోను పోతోంది. కొత్తది కొనేయమంటావా?” అని అడిగాడు.

అతని బ్యాటరీ అంత తొందరగా చతికిలబడడానికి కారణం ఎక్కువ వాడకం ఒక్కటే కాదు. లిథియం అయాన్ సెల్‌కి పడనివి రెండు, వేడి, నిండా ఛార్జి. వీటిలో ఏ ఒక్కటైనా కొంతవరకు ఓర్చుకుంటుంది, రెండూ కలిస్తేనే చేటు. 25 డిగ్రీల్లో, సగానికి కాస్త తక్కువ ఛార్జితో పక్కన పెట్టిన సెల్ ఏడాదికి నాలుగైదు శాతం సామర్థ్యం పోగొట్టుకుంటే, 40 డిగ్రీల్లో నూరు శాతం ఛార్జితో ఉంచినది రమారమి మూడో వంతు పోగొట్టుకుంటుంది. వాడకపోయినా ఇంతే. బెజవాడ మేలో, ఎండలో, వైరు తీయని ఫోను రెండున్నరేళ్లు నిలవడమే గొప్ప.

మార్చాలా వద్దా అన్నది తేల్చడానికి ముందు బ్యాటరీ ఆరోగ్యం చూశాం. ఐఫోన్లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి Battery, అందులో Battery Health చూస్తే శాతం కనిపిస్తుంది. శాంసంగ్ ఫోన్లలో Samsung Members యాప్‌లోని డయాగ్నస్టిక్స్ చెబుతుంది. వేరే ఆండ్రాయిడ్ ఫోన్లలో AccuBattery లాంటి యాప్ పెట్టుకుని, వారం పాటు మామూలుగా ఛార్జి చేస్తే ఎంత ఎంఏహెచ్ మిగిలిందో అంచనా వేసి చూపిస్తుంది. మావాడి ఫోను 3,400 దగ్గర చూపించింది, అంటే 68 శాతం. 80 శాతం కన్నా కిందికి దిగితే మార్చాలని కంపెనీలు చెబుతాయి. నా మటుకు నేను ఆ 80ని గీతలా చూడను. ఇంట్లో వైరు పక్కనే ఉండే పెద్దవాళ్ల ఫోను 75 శాతంతో ఇంకో ఏడాది లాగొచ్చు. ఫోనుతోనే బతుకుదెరువున్నవాడికి 82 శాతమున్నా, మధ్యలో ఆరిపోతోందంటే మార్చాల్సిందే. ఆరిపోవడం అన్నది శాతం కన్నా పెద్ద సాక్ష్యం.

డబ్బు లెక్క దాని తర్వాత. అతని ఫోనుకి సాఫ్ట్‌వేర్ భద్రతా అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయి, తెర బాగుంది, ఛార్జింగ్ పిన్ను గట్టిగా ఉంది. అలాంటిది ఇంకొకటి కొనాలంటే 13 వేలు. బ్యాటరీకి రెండు వేల లోపే. ఇక్కడ ఆలోచించేదేమీ లేదు. అదే అప్‌డేట్లు ఆగిపోయి, పిన్ను ఊగుతూ, తెర మీద గీతలు పడిన ఫోనైతే ఆ రెండు వేలు కూడా దండగే, బ్యాంకు యాప్‌లు వాడే ఫోనైతే మరీను. ఒక్క సందర్భంలో మాత్రం ఈ లెక్కలేవీ పనికిరావు. బ్యాటరీ ఉబ్బితే ఆ రోజే వాడటం ఆపేయాలి. వెనక మూత అంచు లేచి సందు కనిపించడం, తెర మధ్యలో తెల్లటి మచ్చ రావడం, చదునైన బల్ల మీద పెడితే ఫోను ఊగడం దాని గుర్తులు. లోపలి ద్రవం విచ్ఛిన్నమై గ్యాసు పుట్టడం వల్ల వచ్చే ఉబ్బు అది. మూతని వేలితో నొక్కి సరిచేయబోతే లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

మావాడికి మూడు ధరలు చెప్పారు. కంపెనీ సర్వీస్ సెంటర్లో కూలితో కలిపి 1,850 రూపాయలు, రెండ్రోజులు ఆగాలి. బజార్లో ఆర్నెల్ల వారంటీ ఇచ్చే వేరే బ్రాండుది 950. అదే దుకాణంలో కింది అరలోంచి తీసింది 400. మూడింటి మీదా 5000 ఎంఏహెచ్ అనే ఉంది. ఒకటి మీద కంపెనీ బొమ్మ కూడా ఉంది, అది 400 రూపాయలదే.

తేడా ఎక్కడుందో తెలియాలంటే ఆ వెండి రంగు సంచీలో ఏముందో తెలియాలి. సెల్ ఒకటి. దాని నెత్తిన, నల్ల టేపు కింద, వేలెడంత సర్క్యూట్ బోర్డు ఒకటి. ఛార్జి హద్దు దాటినా, మరీ అడుగంటినా, షార్ట్ అయినా కరెంటు కోసేసేది ఆ బోర్డే. వేడిని కొలిచే చిన్న సెన్సర్ కూడా చాలా బ్యాటరీల్లో అక్కడే ఉంటుంది. ఎంత ఛార్జి మిగిలిందో లెక్కగట్టే చిప్ కొన్నిటిలో బోర్డు మీదే ఉంటుంది. కంపెనీ బ్యాటరీలో ఈ భాగాలన్నీ ఆ ఫోనుని దృష్టిలో పెట్టుకుని, ఆ సెల్ లక్షణాలకి సరిపోయేలా తయారవుతాయి. అందుకే శాతం సరిగ్గా చూపిస్తుంది, ఫాస్ట్ ఛార్జింగ్ పూర్తిగా పనిచేస్తుంది.

పేరున్న థర్డ్ పార్టీ బ్యాటరీలో కూడా బోర్డు, సెన్సర్ ఉంటాయి, సెల్ కూడా మంచిదే కావచ్చు. దాని లోటు ఎక్కువగా లెక్కల్లో కనిపిస్తుంది. 40 నుంచి ఒక్కసారిగా 31కి దూకడం, ఫాస్ట్ ఛార్జింగ్ కాస్త నెమ్మదించడం, ఐఫోనైతే ఇది అసలు బ్యాటరీయో కాదో తేల్చలేకపోతున్నానని సెట్టింగ్స్‌లో సందేశం పెట్టడం. ఆ సందేశం చూసి కంగారు పడనక్కర్లేదు. ప్రమాదమని కాదు దాని భావం, తెలియదని మాత్రమే. ఆయుష్షు కంపెనీ దానికన్నా కొంత తక్కువ ఉండొచ్చని మనసులో పెట్టుకుని కొనుక్కుంటే చాలు.

చవక రకంలో కోత ఎక్కడ పడుతుందంటే కంటికి కనబడని చోటే. వేడి సెన్సర్ బదులు ఒక మామూలు రెసిస్టర్ పెట్టేసిన బ్యాటరీలు ఉన్నాయి. దాన్ని చూసి ఫోను ఎప్పుడూ “25 డిగ్రీలే, అంతా బాగుంది” అనుకుంటుంది. బ్యాటరీ కాలిపోతున్నా ఛార్జింగ్ ఆపదు. ఇంకోటి, ఛార్జి వోల్టేజ్. ఇప్పటి ఫోన్లు చాలావరకు సెల్‌ని 4.45 వోల్టుల దాకా నింపుతాయి, ఆ హద్దుని నిర్ణయించేది ఫోనే గానీ బ్యాటరీ కాదు. పాతరకం 4.35 వోల్టుల సెల్‌ని ఆ కొలతకి కోసి అందులో పెడితే, ఫోను రోజూ దానికి హద్దు మీరి తినిపిస్తుంది. మొదట్లో ఏమీ తెలియదు, పైగా బాగానే నిలుస్తోందనిపిస్తుంది. కొన్ని నెలలకి లోపల లిథియం లోహం పేరుకుని, గ్యాసు పుట్టి, మూత లేస్తుంది. అందుకే బ్యాటరీ చేతికి రాగానే పాత బ్యాటరీని పక్కన పెట్టి, దానిమీద ముద్రించిన ఛార్జి వోల్టేజ్ పరిమితి అంకె కొత్తదాని మీద కూడా అదే ఉందో లేదో చూడాలి. 400 రూపాయలదాని మీద 4.4 అని ఉంది. పాతదాని మీద 4.45. కంపెనీ బొమ్మ అచ్చుగుద్దినవాడు ఆ అంకెని మార్చడం మరిచాడు.

లేబుల్ అబద్ధమాడినా బరువు ఆడదు. ఫోన్లలో వాడే సెల్స్ కిలోకి రమారమి 250 వాట్ అవర్ల శక్తిని మోస్తాయి. ఇందులో అటూ ఇటూ తేడా ఉంటుంది గానీ రెట్టింపు తేడా రాదు. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే, 3.87 వోల్టులతో హెచ్చవేస్తే, 19 వాట్ అవర్లు దాటుతుంది. అంత శక్తికి 75 గ్రాముల చుట్టుపక్కల బరువుండాలి. పక్కనున్న బంగారం కొట్టులో కాటా అడిగి తూచాం. పాతది 72 గ్రాములు. 950 రూపాయలది 69. ఆ 400 రూపాయలది 46. అంటే అందులో ఉన్నది బహుశా మూడు వేల ఎంఏహెచ్ దరిదాపు, అది కూడా సెల్ కొత్తదైతే. పాత బ్యాటరీల్లోంచి తీసిన సెల్‌కే కొత్త సంచీ తొడిగి అమ్మడం కూడా ఉంది కనుక ఆ భరోసా కూడా లేదు. “సార్, తూకం వేసి బ్యాటరీ కొనేవాణ్ణి మిమ్మల్నే చూశాను” అన్నాడు దుకాణదారు నవ్వుతూ. ఆయన తప్పు కూడా ఏమీ లేదు, అడిగినవాళ్లకి అడిగిన ధరలో ఇస్తున్నాడు.

మన దేశంలో అమ్మే లిథియం బ్యాటరీలకి బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఐఎస్ 16046 ప్రమాణం ప్రకారం పరీక్షకు నిలిచినవాటి మీద R అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరు ఉంటుంది. BIS Care యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఎవరికి ఇచ్చారో, ఏ వస్తువుకో, ఇంకా చెల్లుతోందో లేదో కనిపిస్తుంది. నంబరు ఉందా అని చూసి ఊరుకోకూడదు. వేరేవాళ్ల నంబరు తెచ్చి అచ్చువేసుకోవడం తేలిక. యాప్‌లో కనిపించే బ్రాండు పేరు, మన చేతిలోని బ్యాటరీ మీది పేరు ఒకటేనా అన్నదే చూడాలి.

కంపెనీ బ్యాటరీ అంటే ఇక భయమే లేదని కూడా అనుకోవద్దు. 2007 ఆగస్టులో నోకియా తన బీఎల్ 5సీ బ్యాటరీలు 4 కోట్ల 60 లక్షలు వేడెక్కే అవకాశముందని ప్రకటించింది. అవి జపాన్‌కి చెందిన మత్సుషితా సంస్థ తయారుచేసినవి. మన దగ్గర కూడా ఆ రోజుల్లో జనం ఫోను వెనక మూత తీసి నంబర్లు సరిచూసుకున్నారు. 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 మంటల్లో చిక్కుకుంది. ఒక సరఫరాదారు బ్యాటరీల్లో మూల దగ్గర పొరలు వంగిపోవడం, మార్పిడికి ఇచ్చిన రెండో సరఫరాదారు బ్యాటరీల్లో వెల్డింగ్ మొనలు లోపలికి పొడుచుకురావడం కారణమని 2017 జనవరిలో చెప్పింది. అంత డబ్బు, అన్ని పరీక్షలు ఉన్నచోటే ఇలా జరిగింది. తేడా ఏమిటంటే, ఏ బ్యాటరీలు చెడ్డవో వాళ్లకి తెలిసింది, వెనక్కి పిలిచారు, కొత్తవి ఇచ్చారు, డబ్బు తిరిగి ఇచ్చారు. కింది అరలోని బ్యాటరీ ఫలానా నెలలో చేసినవి చెడ్డవని చెప్పడానికి దాని వెనక ఎవరూ ఉండరు.

అలాగని ఎప్పుడూ కంపెనీదే మేలన్నది కూడా నిజం కాదు. ఆరేడేళ్ల కిందటి మోడల్‌కి “సీల్డ్ ఒరిజినల్” దొరికిందని ఎవరైనా సంబరపడితే, అది ఎప్పుడు తయారైందని అడగండి. తయారీ ఆగిపోయి నాలుగేళ్లయిన బ్యాటరీ, రేకుల షెడ్డు గోదాములో నాలుగు వేసవులు చూసి ఉంటే, పెట్టె విప్పకుండానే ముసలిదైపోయి ఉంటుంది. అలాంటి ఫోనుకి నిరుడు తయారైన మంచి థర్డ్ పార్టీ బ్యాటరీయే ఎక్కువ కాలం వస్తుంది. లేబుల్ మీద తయారీ తేదీ చాలావాటికి ఉంటుంది, కొన్నిటికి ఏడాది, వారం అంకెల్లో ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ ఐఫోను కొనేవాళ్లకి ఇంకో మాట. పాత బ్యాటరీ మీది అసలు బోర్డుని వలిచి, వేరే సెల్‌కి అతికించి, చిన్న ప్రోగ్రామర్ యంత్రంతో ఆరోగ్యం 100 శాతమని రాసే పనితనం మన మరమ్మతు బజార్లలోకి ఎప్పుడో వచ్చింది. నాలుగేళ్ల ఫోను నూరు శాతం చూపిస్తోందంటే సంతోషించే ముందు బిల్లు అడగాలి. సెల్ చెవులకి బోర్డుని స్పాట్ వెల్డింగ్ చేయాల్సిన చోట టంకంతో అతికిస్తే, ఆ వేడికే సెల్ లోపలి సీలు దెబ్బతింటుంది. అది తెలిసేది నెలల తర్వాత.

బ్యాటరీ ఎంత మంచిదైనా వేసే చెయ్యి చెడగొట్టగలదు. పాతదాన్ని బలమైన జిగురు పట్టుకుని ఉంటుంది. దాన్ని వేడిచేసి, మెల్లగా, ప్లాస్టిక్ పలకతో లేపాలి. ఇనుప పలకతో ఎత్తితే సంచీకి చిల్లు పడొచ్చు. అందుకే విప్పేముందు ఛార్జి 25 శాతం లోపుకి దించుకుని వెళ్లడం మంచిది, చిల్లు పడినా మంట చిన్నదే అవుతుంది. వంగిపోయి బయటికొచ్చిన బ్యాటరీని తిన్నగా చేసి మళ్లీ పెట్టడం మాత్రం ఎవరు చేసినా ఒప్పుకోవద్దు. నీళ్లు చొరబడని ఫోనైతే, విప్పాక ఆ సీలు కొత్తది వేశారో లేదో అడగాలి. వేయకపోతే ఇక వానలో తడపకుండా వాడుకోవాలి.

మావాడు సర్వీస్ సెంటర్‌కే వెళ్లాడు. రోజంతా ఎండ, రోజంతా ఛార్జింగ్ ఉన్న వాడకానికి సెన్సర్, బోర్డు పక్కాగా ఉన్నదే కావాలని నేనూ అదే అన్నాను. ఇదే ఫోను ఇంట్లో మా పిన్ని వాడుతుంటే 950 రూపాయలది వేయించమనేవాణ్ణి. ఆ రెండ్రోజులూ ఎలాగో నెట్టుకొచ్చాడు. ఇప్పుడు స్టాండుని మీటరు నీడలోకి జరిపి, ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా సెట్టింగ్ పెట్టుకున్నాడు. అది చాలా ఫోన్లలో ఉంది, వెతికితే దొరుకుతుంది. కొత్త బ్యాటరీ వేశాక మొదటి వారం శాతం కాస్త అటూ ఇటూ దూకితే లెక్క సర్దుకుంటోందనుకోవాలి. ఛార్జింగ్‌లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, నెల తిరిగేసరికి మూత అంచు లేచినా తిరిగి తీసుకెళ్లాలి. ఆ నెల రోజులూ రాత్రి పరుపు మీద ఛార్జింగ్ పెట్టకపోవడం ఉత్తమం.

ఇక పాత బ్యాటరీ. దుకాణంలోనే వదిలేస్తే మళ్లీ ఏ సంచీలోకి దూరుతుందో తెలియదు కనుక అడిగి తీసుకోవాలి. దాని కనెక్టర్ మీద టేపు అంటించి, తాళాలు, చిల్లర ఉండే సొరుగులో కాకుండా విడిగా ఉంచాలి. ఉబ్బినదైతే గాలి ఆడే చోట, గచ్చు మీద, మండే వస్తువులకి దూరంగా పెట్టాలి. చెత్తబుట్టలో వేస్తే మున్సిపాలిటీ బండిలో నలిగి అంటుకుంటుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలని సేకరించే బాధ్యత తయారీదారులదే కాబట్టి, కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనో ఈ-వేస్ట్ సేకరణ కేంద్రంలోనో ఇచ్చేయొచ్చు.